యానిమేషన్ పెళ్లి పిలుపు వీడియో: ఫోనులో తెలుగు అక్షరం చెదరకుండా చేయడంపై తరచుగా అడిగే ప్రశ్నలు

పెళ్లి పిలుపు వీడియోను చేసేవాళ్లు పెద్ద కంప్యూటర్ తెర మీద చూస్తారు. అందుకునే పెద్దమ్మ మాత్రం రాజోలులో అరుగు మీద కూర్చుని, గీతలు పడిన ఫోనులో, వాట్సాప్ కుదించి చిన్నది చేసిన కాపీని చూస్తుంది. ముహూర్తం ఆవిడకు కనబడాలి. కింది జవాబులన్నీ ఆ ఫోనును దృష్టిలో పెట్టుకుని రాసినవే. ఉదాహరణకు ఒకే వీడియోను మొదటి నుంచి చివరి దాకా తీసుకున్నాం: ఆడపెళ్లివారిది నరసాపురం, మగపెళ్లివారిది గోదావరి అవతలి సఖినేటిపల్లి, మధ్యలో వశిష్ఠ పాయ మీద మనుషుల్ని రేవు దాటించే పంటు.

వీడియో ఎంతసేపు ఉండాలండి?

45 సెకన్లు. ఒక పిలుపుకు ఆరు దృశ్యాలు చాలు, ఆరు దృశ్యాలకు ఈ వ్యవధి సరిపోతుంది. స్టేటస్‌లో పెట్టినా ముక్కలు కాకుండా ఒక్కటిగా వెళ్తుంది. రెండు నిమిషాల వీడియో అయితే, ముహూర్తం వచ్చే దాకా ఎవరూ ఆగరు.

కొలత నిలువుగా 1080 × 1920, సెకనుకు 30 ఫ్రేములు. అడ్డంగా చేసిన వీడియో నిలువుగా పట్టుకున్న ఫోనులో మూడో వంతు కన్నా తక్కువ తెరలోనే ఆడుతుంది. అందులో తెలుగు చదవడం కష్టం, ఎవరినైనా ఫోను తిప్పి చూడమనడం అంతకన్నా కష్టం.

కథ అంటే ఏం పెట్టాలి? అబ్బాయి, అమ్మాయి ఎలా కలుసుకున్నారో చూపించాలా?

అక్కర్లేదు. ఈ నిడివిలో పట్టే కథలో ఒక వస్తువు ఒక చోటు నుంచి ఇంకో చోటుకు వెళ్తుంది, దానికి బదులుగా ఏదో ఒకటి తిరిగి వస్తుంది, అంతే. మన ఉదాహరణలో నరసాపురం రేవు నుంచి శుభలేఖ ఉన్న ఇత్తడి పళ్లెం పంటు ఎక్కి సఖినేటిపల్లి వెళ్తుంది. అదే పంటు మీద పెళ్లికొడుకు, సన్నాయి మేళంతో ఇటు వస్తాడు. మాట అవసరం లేకుండా అర్థమయ్యే కథ ఇది.

కథను ఎంచుకునేటప్పుడు ఇంకో లెక్క కూడా చూసుకోవాలి: అక్షరాలకు ఖాళీ జాగా ఎక్కడ దొరుకుతుంది? పంటు తెర కింది భాగంలో నెమ్మదిగా కదులుతుంటే పై సగమంతా ఆకాశమే, పేర్లు అక్కడ హాయిగా కూర్చుంటాయి. కొబ్బరితోట మధ్యలో నడిచే కథ అయితే తెరంతా ఆకులే, అక్షరానికి చోటుండదు. పైగా పంటు వెళ్లేటప్పటి బొమ్మనే అటుది ఇటు తిప్పి వచ్చేటప్పుడు కూడా వాడుకోవచ్చు, బొమ్మల పని దాదాపు సగానికి తగ్గుతుంది.

దృశ్యాల వరుస, ఏ సెకనులో ఏ అక్షరాలు రావాలో చెప్తారా?

0 నుంచి 6 సెకన్లు: దంతపు రంగు శుభలేఖ. ఒక వేలు నాలుగు మూలలా పసుపు అద్దుతుంది. మధ్యలో "శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు".

6 నుంచి 15: శుభలేఖ ఉన్న పళ్లెంతో పంటు ఎడమ నుంచి కుడికి వెళ్తుంది. ఆకాశంలో వధువు పేరు, కింద తల్లిదండ్రుల పేర్లు.

15 నుంచి 18: అవతలి రేవులో రెండు చేతులు పళ్లెం అందుకుంటాయి. ఇక్కడ అక్షరాలేమీ పెట్టకండి. చూసేవాళ్ల కళ్లకు కాస్త తెరిపి కావాలి.

18 నుంచి 27: పంటు తిరిగి వస్తుంది. పెళ్లికొడుకు, పక్కన సన్నాయి, డోలు. ఆకాశంలో వరుడి పేరు, తల్లిదండ్రుల పేర్లు.

27 నుంచి 36: పందిట్లో అడ్డుతెర. ముహూర్తమంతా ఆ తెర మీదే వస్తుంది. మన పెళ్లిళ్లలో జీలకర్ర బెల్లం పెట్టే వేళే సుముహూర్తం, అప్పుడు వధూవరుల మధ్య ఉండేది ఈ తెరే కాబట్టి ముహూర్తం రాయడానికి ఇంతకన్నా తగిన చోటు లేదు. తెల్లని సాదా గుడ్డ కనుక అక్షరమూ బాగా కనబడుతుంది. స్వస్తిక్ గుర్తు వేయాలనుకుంటే తెర పై అంచుకు జరపండి.

36 నుంచి 45: అడ్డుతెర కిందికి జారుతుంది, వధూవరులు పైభాగంలో కనబడతారు. జారిన తెర మీద కల్యాణ మండపం పేరు, ఊరు, "సకుటుంబంగా దయచేయండి".

అక్షరాలు ఎంతసేపు నిలవాలో తేల్చుకోవడానికి సులువైన పద్ధతి: ఇంట్లో పెద్దవాళ్ల చేత ఆ వాక్యాన్ని బయటికి చదివించి, పట్టిన సమయానికి రెండు సెకన్లు కలపండి. ఆ రెండు సెకన్లు, దృశ్యం మారాక కన్ను అక్షరాన్ని వెతుక్కునేందుకు.

అక్షరం సైజు ఎంత పెట్టాలి?

1080 వెడల్పు తెర మీద వధూవరుల పేర్లు 120 పిక్సెళ్లు, ముహూర్తం, మండపం 80, మిగతావి 72. అంతకన్నా చిన్న అక్షరం పెట్టాల్సి వస్తోందంటే, మాటలు ఎక్కువయ్యాయని అర్థం.

ఈ అంకెలు ఎలా వచ్చాయంటే: ఆరున్నర అంగుళాల ఫోను తెర వెడల్పు దాదాపు ఆరుమ్ముప్పావు సెంటీమీటర్లు. 72 పిక్సెళ్ల అక్షరం అక్కడ నాలుగున్నర మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది. కానీ తెలుగులో ఆ ఎత్తంతా అక్షరానిది కాదు. పైన గుడి, ఏత్వం, కింద వత్తులు పోగా అసలు అక్షరానికి మిగిలేది సుమారు సగం. ఆపైన వాట్సాప్ మామూలుగా పంపిన వీడియోను సుమారు 480 వెడల్పుకు కుదిస్తుంది. అప్పుడు 72 కాస్తా 32 అవుతుంది, వత్తుకు పది పిక్సెళ్లు మిగులుతాయి, చదవగలం. 40 పెట్టారనుకోండి, అది 18 అవుతుంది, వత్తుకు మిగిలేది ఆరు. అప్పుడు "పద్మ" కింద ఉన్నది మవత్తో, యవత్తో చెప్పలేం. ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయిన సైజు తెలుగుకు సరిపోకపోవడానికి కారణం ఈ వత్తులే.

రెండు పక్కలా 90 పిక్సెళ్లు వదిలితే, 72 సైజులో వరుసకు సుమారు 16 నుంచి 18 అక్షరాలు పడతాయి. వరుసకూ వరుసకూ మధ్య దూరం అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్లు, అంటే 72కు 108 ఉండాలి. తక్కువైతే పై వరుసలో "లక్ష్మీ" కింది వత్తు, కింది వరుసలో "శ్రీ" నెత్తి మీది గుడిని తాకుతుంది. పైన 250, కింద 400 పిక్సెళ్ల మేర అక్షరాలు పెట్టకండి. స్టేటస్‌లో పైన పేరు, కింద రిప్లై పట్టీ వచ్చేది అక్కడే.

ఏ ఫాంటు వాడాలి?

పేర్లకు `Ramabhadra`, వివరాలకు `Mandali` లేదా `Noto Sans Telugu` లో Medium, SemiBold. మూడూ యూనికోడ్ ఫాంట్లు, గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. `Ramabhadra` చాలా బొద్దుగా ఉంటుంది, 120 సైజులో పేరుకు నిండుదనం తెస్తుంది, 72కు దించితే మాత్రం సున్నాల లోపలి ఖాళీలు పూడుకుపోతాయి. సన్నని చేతిరాత ఫాంట్లు కార్డు మీద ఎంత అందంగా ఉన్నా వీడియోకు వద్దు. కుదింపులో ముందు మాయమయ్యేవి సన్నని గీతలే.

కార్డు ప్రింటు చేసినవాళ్లు ఇచ్చిన మ్యాటర్ పేస్ట్ చేస్తే పిచ్చి గుర్తులు వస్తున్నాయి. ఎందుకు?

ప్రింటింగ్ ప్రెస్సుల్లో చాలా చోట్ల ఇప్పటికీ అను ఫాంట్లలో టైప్ చేస్తారు. అవి యూనికోడ్ కాదు, లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తుల కోడ్లు. ఆ ఫాంటు లేని చోట పేస్ట్ చేస్తే అవే బయటపడతాయి. మార్చే కన్వర్టర్లు ఉన్నాయి కానీ వత్తులూ అంకెలూ అక్కడక్కడ తప్పుతాయి. వీడియోలో ఉండేది నలభై మాటలు, కొత్తగా టైప్ చేసుకోవడమే మేలు.

టైప్ చేసింది బాగానే ఉంది, వీడియో ఎడిటర్‌లో మాత్రం వత్తులు విడిపోతున్నాయి.

"శ్రీలక్ష్మి" అని కొడితే "శ్‌రీలక్‌ష్‌మి" అని కనబడుతోందంటే తప్పు మీ టైపింగుది కాదు, ఫాంటుదీ కాదు. అక్షరాన్నీ వత్తునూ కలిపి ఒక రూపంగా పేర్చే పని ఆ ఎడిటర్ చేయడం లేదు. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ పాత వెర్షన్లలో `Preferences > Type` లోకి వెళ్లి `South Asian and Middle Eastern` ఎంచుకోవాలి. తర్వాత కొత్త టెక్స్ట్ లేయర్ పెట్టి మళ్లీ టైప్ చేయండి. పాత లేయర్‌ను చూసి సెట్టింగ్ పనిచేయలేదనుకోవద్దు.

ఫోను యాప్‌లో అలాంటి సెట్టింగ్ లేకపోతే, తెలుగు సరిగ్గా వచ్చే చోట, ఉదాహరణకు ఇంక్‌స్కేప్‌లో, ప్రతి దృశ్యంలోని అక్షరాలనూ వెనక రంగు లేని పీఎన్‌జీ బొమ్మలుగా తీసి యాప్‌లో పెట్టండి. ఇంతకన్నా నమ్మకమైన దారి లేదు. యాప్ అప్‌డేట్ అయినా, ఫోను మారినా బొమ్మలోని అక్షరం మారదు.

ఇందుకు తిరగబడ్డ చిక్కు ఇంకొకటి ఉంది. "రాజ్‌కుమార్" అని ఉండాల్సిన పేరు "రాజ్కుమార్" అని కవత్తుతో కలిసిపోతుంది. పొల్లు తర్వాత కంటికి కనబడని విడదీసే గుర్తు ఒకటి, `U+200C`, ఉండాలి. మీ కీబోర్డులో అది దొరక్కపోతే, ఇప్పటికే సరిగ్గా టైపై ఉన్న "రాజ్‌" లాంటి ముక్కను కాపీ చేసి, పక్కన మిగతాది కొట్టండి. పెళ్లికొడుకు పేరే తప్పుగా వెళ్తే ఎంత బాధో వేరే చెప్పక్కర్లేదు, కాబట్టి పేర్లను విడిగా ఒకసారి చూసుకోండి.

అక్షరాలు ఒక్కొక్కటిగా రాలుతూ వచ్చేలా చేయొచ్చా?

వద్దు. అలాంటి ఎఫెక్టులు చాలావరకు ఇంగ్లీషు లెక్కన ఒక్కో కోడ్‌ను ఒక్కో అక్షరం అనుకుంటాయి. "క్ష్మీ" కంటికి ఒక అక్షరం, లోపల మాత్రం ఆరు కోడ్లు. ఎఫెక్టు వేయగానే క, పొల్లు, ష వేరువేరుగా ఎగిరొస్తాయి, మధ్యలో అర్థంలేని రూపాలు కనబడతాయి. అక్షరాల మధ్య దూరం పెంచే సెట్టింగ్‌తోనూ ఇదే గొడవ, దాన్ని సున్నా దగ్గరే ఉంచండి.

వరుస మొత్తం 12 ఫ్రేముల్లో, అంటే అర సెకను లోపు, నెమ్మదిగా తేలాలి. తేలాక కదలకూడదు. కుదించే పద్ధతి ముందు ఫ్రేముతో పోల్చి మారినదాన్నే కొత్తగా రాస్తుంది. అందుకే నిలకడగా ఉన్న అక్షరం క్షణక్షణానికీ తేటపడుతుంది, మెల్లగా పెరుగుతూనో జరుగుతూనో ఉన్నది చివరిదాకా మసకగానే ఉంటుంది. దృశ్యం మారిన క్షణానే అక్షరాలు తేకుండా పది ఫ్రేములు ఆగడం కూడా ఇందుకే.

కంప్యూటర్‌లో తళతళలాడిన ఎర్ర అక్షరాలు వాట్సాప్‌లో అలుక్కుపోయాయి. ఏం చేయాలి?

రెండు కారణాలుంటాయి. మొదటిది రంగు. ఫోన్లలో ఆడే వీడియోల్లో వెలుగు వివరం ప్రతి చుక్కకూ ఉంటుంది, రంగు వివరం మాత్రం నాలుగు చుక్కలకు ఒకటే. అరటాకు పచ్చ మీద కుంకుమ ఎరుపు పెడితే రంగు వేరే తప్ప వెలుగు దాదాపు ఒకటే, దాంతో అక్షరం అంచు ఎక్కడుందో వీడియోకే తెలియదు. పరీక్ష తేలిక: ఆ దృశ్యం స్క్రీన్‌షాట్ తీసి ఫోనులోనే నలుపు తెలుపుగా మార్చండి. అప్పుడూ అక్షరం స్పష్టంగా కనబడితే సరే. దంతపు రంగు `#FFF6E0` మీద ముదురు మెరూన్ `#5A0F1C` ఈ పరీక్షలో ఎప్పుడూ గెలుస్తుంది, శుభకార్యానికీ నప్పుతుంది. బంగారు రంగు అక్షరాలే కావాలంటే వెనక ముదురు రంగు ఉండాలి, అక్షరంలో మెరుపు పరుగెత్తకూడదు.

రెండోది కదలిక. రాలే పూలరేకులు, అక్షింతలు, మిణుగురుల మెరుపులు తెరంతా ప్రతి ఫ్రేములోనూ మారుతుంటాయి. ఫైలుకు ఉన్న కొద్దిపాటి సామర్థ్యమంతా వాటికే ఖర్చైపోయి అక్షరాలకు మిగలదు. గోదావరి నీళ్లను కూడా అందుకే నాలుగైదు అలల గీతలతో గీయండి. నిజం నీటి వీడియో పెడితే పైనున్న పేరు కూడా చెదురుతుంది. అక్షింతలు కురిపించాలంటే అడ్డుతెర జారిన మొదటి సెకనులో, మండపం పేరు తేలకముందే కురిపించి ఆపేయండి.

ముహూర్తం రాత్రి 2.14కి ఉంది. తేదీ ఎలా రాయాలి?

బంధువులు ఒక రోజు ఆలస్యంగా రావడానికి కారణమయ్యే చోటు ఇది. పంచాంగం ప్రకారం రోజు సూర్యోదయంతో మారుతుంది, క్యాలెండర్ తేదీ అర్ధరాత్రి మారుతుంది. "ఆదివారం రాత్రి 2.14" అని రాస్తే సగం మంది ఆదివారం సాయంత్రం బయల్దేరతారు. అడ్డుతెర మీద ఇలా మూడు వరుసలు పెట్టండి:

శనివారం రాత్రి
తెల్లవారితే ఆదివారం
2.14 గంటలకు

పై రెండు వరుసల్లోనూ వారం పక్కన దాని తేదీ అంకెల్లో ఉండాలి. తిథి, నక్షత్రం, లగ్నం మూడూ పెట్టాలని పెద్దలు అంటే వాటికి కార్డు ఉంది. వీడియోలో ఏదైనా ఒకటి, లగ్నం, చాలు. బంధువుల పేర్ల పెద్ద పట్టిక విషయమూ అంతే: పూర్తి శుభలేఖ బొమ్మను వీడియోతో పాటే పంపితే ఎవరి పేరూ పోదు, ఎవరికీ చిన్నతనం ఉండదు.

సంగీతం ఏది పెట్టాలి? సినిమా పాట పెట్టొచ్చా?

సినిమా పాటకు హక్కుదారులు ఉంటారు. యూట్యూబ్, ఇన్‌స్టాగ్రామ్ దాన్ని వాటంతటవే గుర్తుపట్టి శబ్దం తీసేయొచ్చు, వీడియోనే ఆపేయొచ్చు. త్యాగరాజ కీర్తన అయితే సాహిత్యం మీద, బాణీ మీద ఎవరికీ హక్కు లేదు, ఆయన 1847లో పరమపదించారు. అయితే ఆ కీర్తనను ఫలానా విద్వాంసులు పాడిన రికార్డింగుకు వేరే హక్కు ఉంటుంది. కాబట్టి పెళ్లికి మాట్లాడుకున్న సన్నాయి మేళాన్నే అడిగి, 45 సెకన్లు వాయించి ఇమ్మనడం అన్నిటికన్నా మంచి మార్గం. వీడియోకు వాడుకోవడానికి ఒప్పుకున్నట్టు ఒక మెసేజ్ తీసుకుని, వాళ్లకు ఇవ్వాల్సింది ఇవ్వండి. ఫ్యాను ఆపిన గదిలో రెండు మీటర్ల దూరంలో ఫోను పెట్టండి. సన్నాయి నోటికి ఎదురుగా పెడితే శబ్దం పగులుతుంది.

తాళం మన దృశ్యాల లెక్కతో కలుస్తుంది. ఆది తాళంలో ఒక చుట్టుకు, అంటే ఆవర్తనానికి, 8 దెబ్బలు. నిమిషానికి 80 దెబ్బల వేగంలో ఒక ఆవర్తనం సరిగ్గా 6 సెకన్లు. దృశ్యాలన్నీ 6, 15, 18, 27, 36 దగ్గర మారేది అందుకే, అన్నీ ఆవర్తనం మొదట్లోనో సగంలోనో పడతాయి. ఆరు ఆవర్తనాలు పూర్తయిన 36వ సెకనులో అడ్డుతెర జారుతుంది, అక్కడే గట్టిమేళం అందుకోవాలి. ఒక సెకను అటూ ఇటూ అయితే తేడా ఎవరికైనా తెలుస్తుంది.

ఫోను స్పీకర్‌లో డోలు గంభీర ధ్వని వినబడదు, కర్ర దెబ్బ చప్పుడే వినబడుతుంది. మిక్సింగ్‌ను హెడ్‌ఫోన్లలో కాకుండా ఫోను స్పీకర్‌లోనే విని సరిచూడండి. మొదటి అర సెకను శబ్దం మెల్లగా లేవాలి. చాలామంది శబ్దం లేకుండానే చూస్తారు కాబట్టి, ఏ ఒక్క వివరాన్నీ గొంతుతో మాత్రమే చెప్పి వదలకండి.

ఏ ఫార్మాట్‌లో తీసి, ఎలా పంపాలి?

ఎంపీ4, హెచ్.264. కొత్త హెచ్‌ఈవీసీ పాత ఫోన్లలో నల్ల తెరగా మిగలొచ్చు. ఫైలు 12 ఎంబీ లోపు ఉండేలా చూడండి, 45 సెకన్లకు సెకనుకు సుమారు 2 మెగాబిట్లు అవుతుంది. ఎడిటర్ నుంచి పెద్ద ఫైలు వస్తే, కంప్యూటర్‌లో ffmpeg అనే ఉచిత ప్రోగ్రాంకు ఈ ఆదేశం ఇవ్వండి:

```
ffmpeg -i master.mov -c:v libx264 -pix_fmt yuv420p -b:v 1900k -r 30 -c:a aac -b:a 128k -movflags +faststart pelli.mp4
```

పంపే ముందు వాట్సాప్ చేసే కుదింపును ఇంట్లోనే చూడాలంటే:

```
ffmpeg -i pelli.mp4 -vf scale=480:-2 -c:v libx264 -crf 30 -c:a aac -b:a 64k test.mp4
```

కంప్యూటర్ లేనివాళ్లు వాట్సాప్‌లో తమ నంబరుకే మామూలుగా పంపుకుని, ఇంట్లో ఉన్న పాత ఫోనులో దించుకుని, వెలుతురు సగానికి తగ్గించి, చేయి చాచి పట్టుకుని చదవాలి. కళ్లజోడు పెట్టుకునే పెద్దవాళ్ల చేత చదివిస్తే ఇంకా మంచిది. పేర్లు తెలియని మనిషి అయితే మరీ మంచిది, తెలిసిన పేరును కన్ను ఊహించి చదివేస్తుంది.

పంపేటప్పుడు HD ఎంచుకోండి. డాక్యుమెంటుగా పంపితే నాణ్యత తగ్గదు, కానీ చాలామందికి అది తెరవాల్సిన ఫైలులా కనబడి అలాగే ఉండిపోతుంది. దగ్గరివాళ్లకు వీడియోగానే పంపి, ఇంకొకరికి పంపే బాధ్యత తీసుకున్న మేనమామకో, బాబాయికో మాత్రం డాక్యుమెంటుగా కూడా ఇవ్వండి.

మండపానికి దారి వీడియోలో చూపించాలా?

వీడియోలోని చిరునామా నొక్కితే పనిచేయదు. వీడియో కింద రాసే మాటల్లోనే తేదీ, సమయం, మండపం, మ్యాప్ లింకు పెట్టండి. సఖినేటిపల్లి వైపు నుంచి పంటు మీద వచ్చేవాళ్లకు రేవులో ఎన్ని గంటలకు కలవాలో, ఎవరు ఎదురొస్తారో కూడా అక్కడే రాయండి. అర్ధరాత్రి ముహూర్తమైతే పంటు ఆఖరి తిరుగుడు వేళ ముందుగా రేవులో కనుక్కుని రాయండి.

పంపేశాక తప్పు కనబడింది. ఇప్పుడు?

రెండు రోజులు దాటకపోతే మీరు పంపినచోట అందరికీ చెరిపేయొచ్చు. వాళ్లు ఇంకొకరికి పంపినవి మాత్రం చెరగవు. కాబట్టి సరిచేసిన వీడియో పంపేటప్పుడు మొదటి దృశ్యంలోనే "సవరించిన పిలుపు" అని 80 సైజులో పెట్టండి, కింద ఏది మారిందో ఒక్క వాక్యంలో రాయండి. మారింది ముహూర్తం అయితే వీడియో మీద ఆధారపడకండి, ఫోను చేసి చెప్పండి.